ట్యూషన్ ఫీజు నెలకా, గంటకా? పిల్లలు రాని రోజులకు డబ్బులు తగ్గించాలా?

వేదాయపాళెం సంధ్య (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. నెల్లూరులో మా ఇంటి వరండాలోనే ట్యూషన్ చెప్తా ఉన్నాను. 8, 9, 10 తరగతుల వాళ్ళకు లెక్కలు, సైన్సు. పదకొండు మంది పిల్లలు. సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. ఒక్కొక్కరికి నెలకు 800.

నా సమస్య ఏందంటే, పిల్లలు మానేసిన రోజులకు డబ్బులు తగ్గించమని అడుగుతున్నారు. మొదట ఒకరికి కాదనలేక తగ్గించాను. వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. ఇప్పుడు అన్ని ఇళ్ళ వాళ్ళూ నెలాఖరుకు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుని వస్తున్నారు. 800ని 26తో భాగిస్తే 30 రూపాయల చిల్లర, అందుకని రోజుకు 30 తగ్గిస్తున్నాను.

నవంబరులో పిల్లలందరివీ కలిపి 38 రోజుల గైర్హాజరు. పెళ్ళిళ్ళు, జ్వరాలు, అమ్మమ్మ ఊరు. అది 1140. వానలకు మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలబడి నేనే నాలుగు రోజులు వద్దన్నాను. పదకొండు మందికి ఆ నాలుగు రోజులు 1320. రావలసినవి 8800 అయితే చేతికి వచ్చింది 6340. పోయిన పాఠాలు మళ్ళీ చెప్పడానికి మూడు ఆదివారాలు కూడా కూర్చున్నాను.

గంట లెక్కన తీసుకుంటే ఈ గొడవ ఉండదా? లేక నెల ఫీజే ఉంచి ఇంకేదైనా పద్ధతి పెట్టాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఒంగోలు హోమ్‌ట్యూటర్ (శనివారం, రాత్రి 10:05)

గంటకే పెట్టండి మేడమ్. నేను పిల్లల ఇళ్ళకు వెళ్ళి చెప్తాను. గంటకు 300. చెప్పినన్ని గంటలు డైరీలో రాసి వాళ్ళమ్మ చేత సంతకం పెట్టించుకుంటా. నెలాఖరుకు పన్నెండు సంతకాలు ఉంటే 3600. మానేశారా, సంతకం లేదు, డబ్బు లేదు. ఎవరికీ ఎవరూ బాకీ లేరు. నాలుగేళ్ళలో ఒక్క మాట పట్టింపు రాలేదు. నెల ఫీజు అన్నప్పుడే ఈ లెక్కలన్నీ మొదలవుతాయి.

చీమకుర్తి మాధవి (శనివారం, రాత్రి 10:20)

నేను ఇక్కడ స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను. సాయంత్రం పూట మా స్కూలు పిల్లలకే ఇంట్లో చెబుదామని ఉంది. మొదట్లో ఎంత అడిగితే బాగుంటుంది? 500 అంటే చులకనగా చూస్తారా?

కావలి లెక్కల మాష్టారు (ఆదివారం, ఉదయం 6:15)

మాధవమ్మా, ఎంత అడగాలి అనే ముందు ఇంకొక మాట ఉంది. 2009 విద్యాహక్కు చట్టంలో 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని అంటుంది. సొంత స్కూలు పిల్లలకే చెప్పడం ఇంకా ఇబ్బంది. మీ హెడ్‌మాస్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టవద్దు. సంధ్యమ్మ ప్రశ్న వేరు, దానికి వస్తాను.

సంధ్యమ్మా, నేను స్కూల్లో ఎప్పుడూ పని చేయలేదు, ఇరవై ఆరేళ్ళుగా ట్యూషనే నా బతుకు. మీ నవంబరు లెక్క రెండుసార్లు చదివాను. అందులో ఒక చోట మీరు రెండు సార్లు నష్టపోయారు, అది మీకు కనబడినట్టు లేదు. వాన రోజులు నాలుగింటికి 1320 తగ్గించారు. అవే పాఠాలు ఆదివారాలు కూర్చోబెట్టి చెప్పారు. డబ్బన్నా తిరిగి ఇవ్వాలి, పాఠమన్నా చెప్పాలి. రెండూ ఎందుకు ఇచ్చారు?

ఇక పిల్లలు మానేసిన 38 రోజులు. ఒక పాప రాని రోజున మీకు ఏం మిగిలింది, చెప్పండి. కరెంటు మిగిలిందా? గంట మిగిలిందా? మిగతా పది మందికి బోర్డు మీద అదే పాఠం చెప్పారు కదా. ఆ పాప కూర్చునే చోట ఇంకొకరిని ఆ ఒక్క రోజుకు కూర్చోబెట్టుకోలేదు కదా. మీ ఖర్చు తగ్గనప్పుడు ఫీజు ఎట్లా తగ్గుతుంది? పిల్లలు నెలకు మూడు నాలుగు రోజులు మానడం ఎక్కడైనా ఉండేదే. 38ని పదకొండుతో భాగిస్తే మీ దగ్గరా అంతే వస్తుంది. బ్యాచ్ ఫీజు అనుకునేటప్పుడే అది లోపల కలిసిపోయి ఉండాలి.

అసలు తప్పు 26తో భాగించడంలో ఉంది. అది ఒక్కటి సరిచేసుకుంటే మిగతా గొడవ చాలా వరకు పోతుంది. పొద్దున బ్యాచ్ వచ్చేసింది, పిల్లలు వెళ్ళాక రాస్తాను.

ఒంగోలు హోమ్‌ట్యూటర్ (ఆదివారం, ఉదయం 7:50)

మాష్టారూ, పద్ధతి సరిగా ఉంటే 26తో భాగిస్తే ఏం, 25తో భాగిస్తే ఏం? గంటకు ఇంత అంటే భాగించే పనే లేదు కదా.

కోవూరు హిందీ అక్కయ్య (ఆదివారం, ఉదయం 8:30)

నేను దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలకు చెప్తాను. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష. మాకు నెలా లేదు, గంటా లేదు. పరీక్షకు ఇంత అని మొత్తం ఒకేసారి మాట్లాడుకుంటాం. ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి పరీక్షలు. చేరేటప్పుడు సగం, హాల్ టికెట్టు వచ్చే నాటికి మిగతా సగం. పిల్ల నాలుగు రోజులు రాకపోతే ఎవరూ డబ్బు మాట ఎత్తరు, ఎందుకంటే పుస్తకం అయిందా లేదా అనేదే వాళ్ళు చూస్తారు. సంధ్య వాళ్ళకు పదో తరగతి పరీక్ష ఉంది గానీ ఎనిమిదో తరగతి పిల్లలకు అట్లా కుదురుతుందో లేదో నాకు తెలియదు.

కావలి లెక్కల మాష్టారు (ఆదివారం, ఉదయం 10:40)

అక్కయ్య చెప్పిందాంట్లో విషయం ఉంది. అక్కడికే వస్తున్నాను.

సంధ్యమ్మా, ఒక క్యాలెండరు ముందు పెట్టుకోండి. జూన్ 12న బడి తెరుస్తారు. అప్పటి నుంచి మార్చి సగం దాకా తొమ్మిది నెలలు. నెలకు 26 చొప్పున 234 సాయంత్రాలు. ఇందులో దసరా, సంక్రాంతి సెలవులు, వినాయక చవితి, దీపావళి లాంటివి తీసేయండి. మన జిల్లాలో అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా అల్పపీడనం రాని ఏడు ఉండదు, దానికి ఓ ఎనిమిది రోజులు. మీ ఇంట్లో పెళ్ళిళ్ళకు, మీ జ్వరాలకు ఆరు. నేను ఎప్పుడు లెక్కేసినా 190 నుంచి 200 మధ్య తేలుతుంది. నేను తల్లిదండ్రులకు చెప్పేది తక్కువ అంకె, 190. నెలకు ఇరవై ఒకటి. 26 రోజులు నిండుగా జరిగే నెల ఏడాదిలో ఒకటో రెండో.

మీ 800ని తొమ్మిది నెలలకు వేస్తే 7200. 190తో భాగిస్తే క్లాసుకు 38 పడుతుంది. అంటే మీ పాఠం ధర 38. మీరు దాన్ని 30 అనుకున్నారు, అనుకుని ఆ లెక్కనే వాళ్ళ చేతిలో పెట్టారు.

ఇప్పుడు మాట ఎట్లా ఇవ్వాలంటే: "ఈ ఏడాది మీ బాబుకు 190 క్లాసులు జరుపుతాను. దాని ఫీజు 7200, తొమ్మిది నెలలకు సమానంగా పంచాను." జరపడం నా బాధ్యత, రావడం మీ బాధ్యత. వాన వచ్చి నేను ఆపితే, 190 తగ్గకుండా తర్వాత ఎప్పుడో చెప్పేస్తాను. మార్చికి 184 మాత్రమే జరిగితే ఆరు క్లాసులకు 38 చొప్పున తిరిగి ఇస్తాను. ఇంతవరకు ఒక్కసారి ఇచ్చాను, నాకు కంటి ఆపరేషన్ అయిన ఏడు.

దీంతో సంక్రాంతి నెల పేచీ కూడా పోతుంది. జనవరిలో పదిహేడో పద్దెనిమిదో జరుగుతాయి. అంతకు ముందు "సగం రోజులు సెలవులే కదా, సగం ఫీజు తీసుకోండి" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు ఆగస్టులో ఇరవై నాలుగు జరిగినప్పుడు నేను ఎక్కువ అడగలేదు కదా అంటే వాళ్ళే ఒప్పుకుంటారు. ఒక రిజిస్టరు పెట్టి ప్రతిరోజూ క్లాసు నంబరు వేయండి. 1, 2, 3 అని. బోర్డు మూలన కూడా వేయండి. పిల్లలే ఇంటికి వెళ్ళి "ఈరోజు 112వ క్లాసు" అని చెప్తారు.

గంట లెక్క గురించి ఒంగోలు తమ్ముడికి: మీది ఒక్క పిల్లవాడితో పని. అక్కడ గంట లెక్కే సరి. పదకొండు మందిలో ముగ్గురు రాకపోతే ఆ గంట డబ్బు ఎవరు కట్టాలి? మిగతా ఎనిమిది మంది మీద వేస్తారా? ఇంకొకటి, పరీక్షల ముందు వారం ఎనిమిదిన్నర దాకా కూర్చోబెడతాం. గంట లెక్కలో ఆ అరగంట అడగాలంటే నోరు రాదు, అడగకపోతే మనకు పోతుంది. మీకు కూడా గంట లెక్కలో చిక్కు లేదంటే నేను నమ్మను. బండి వేసుకుని పోయాక గేటుకు తాళం వేసి ఉన్న రోజులు లేవా?

ఒంగోలు హోమ్‌ట్యూటర్ (ఆదివారం, మధ్యాహ్నం 1:15)

ఉన్నాయి మాష్టారూ. పోయిన నెలలోనే మూడు సార్లు. సంతపేట నుంచి కర్నూలు రోడ్డు దాకా పోయి ఫోన్ చేస్తే "అయ్యో సార్, చెప్పడం మర్చిపోయాం, ఫంక్షన్‌లో ఉన్నాం" అన్నారు. ఆ మూడు గంటలు పోయాయి. పెట్రోలు పోయింది. ఆ టైములో ఇంకో ఇంటికి పోయేవాడిని. మాట పట్టింపు రాలేదన్నానే, నేను అడగలేదు కాబట్టి రాలేదు.

కావలి లెక్కల మాష్టారు (ఆదివారం, మధ్యాహ్నం 2:00)

అయితే పన్నెండు గంటల డబ్బు ముందే తీసుకోండి. ఆ పన్నెండూ ఆరు వారాల్లో వాడుకోవాలి. మధ్యాహ్నం పన్నెండు లోపు ఫోన్ చేస్తే ఆ గంట నిలిచి ఉంటుంది, ఇంకో రోజు చెప్తారు. ఆ తర్వాత చెప్తే ఒక గంట అయిపోయినట్టే. ముందు డబ్బు ఉన్నప్పుడు మర్చిపోవడం తగ్గుతుంది. మొదటిసారికి వదిలేయండి, రెండోసారి నుంచి పట్టించుకోండి.

పొదలకూరు నిమ్మతోట (ఆదివారం, సాయంత్రం 5:30)

మీరందరూ చెప్పేవాళ్ళే. కట్టేవాడి మాట కూడా వినండి. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. సెప్టెంబరులో డెంగీ వచ్చి 24 రోజులు ట్యూషన్‌కు పోలేదు. అందులో తొమ్మిది రోజులు ఆస్పత్రిలోనే. నెల ఫీజు 1000 మొత్తం కట్టమన్నారు. కట్టాను. వెయ్యి రూపాయలకు కాదు నా బాధ. ఒక్కసారి ఫోన్ చేసి పిల్లోడు ఎట్లా ఉన్నాడని అడగలేదు, ఫీజు మెసేజ్ మాత్రం అయిదో తారీఖు టంచనుగా వచ్చింది. తిరిగి పోయాక బీజగణితంలో రెండు పాఠాలు అయిపోయి ఉన్నాయి. వాడు బోర్డు వంక చూస్తా కూర్చుని వచ్చేవాడు.

ఇంకో సంగతి. మాకు డబ్బు నెలనెలా రాదు. నిమ్మకాయ ధర ఉన్నప్పుడు చేతిలో ఉంటుంది, లేనప్పుడు ఉండదు. మీరు అయిదో తారీఖు అంటారు. మా తోటకు అయిదో తారీఖు తెలియదు.

వేదాయపాళెం సంధ్య (ఆదివారం, రాత్రి 8:50)

అన్నా, మీ మాట చదివాక నా దగ్గర ఒక పాప గుర్తొచ్చింది. పదో తరగతి. పెళ్ళికని మూడు రోజులు మానింది. ఆ మూడు రోజుల్లోనే వర్గ సమీకరణాలను కారణాంకాలుగా విడగొట్టడం చెప్పాను. వచ్చిన రోజున పక్క పాప నోట్సులో చూసి జవాబులు దించుకుంది. మధ్య పదాన్ని ఎందుకు రెండుగా విడగొడుతున్నామో తెలియదు. పదిహేను రోజుల తర్వాత పరీక్ష పెడితే అన్నీ సూత్రంతోనే చేసింది, గుర్తుల దగ్గర తప్పులు చేసింది. అప్పుడు గాని నాకు తెలియలేదు. 90 రూపాయలు తగ్గించాను గానీ ఆ పాఠం మాత్రం ఎవరూ చెప్పలేదు.

మాష్టారూ, డబ్బు సంగతి అర్థమైంది. మానేసిన పిల్లలకు విడిగా చెప్పడం మొదలుపెడితే నాకు టైము చాలదు. జ్వరాల వారంలో నలుగురికి విడివిడిగా చెప్పి అయిదు గంటలు కూర్చున్నాను. మీరు ఏం చేస్తారు?

కావలి లెక్కల మాష్టారు (సోమవారం, ఉదయం 5:50)

విడిగా చెప్పను. చెప్తే మానడానికి అలవాటు పడతారు, వచ్చినవాళ్ళకు అన్యాయం. కానీ పిల్లవాడిని వదిలేయను.

రిజిస్టరులో క్లాసు నంబరు పక్కనే ఆరోజు ఏ అభ్యాసం, ఎన్నో లెక్కలు చేశామో రాస్తాను. "112 – కారణాంక పద్ధతి – 1 నుంచి 4" అని అంతే. మానిన పిల్లవాడు రాగానే ముందు అది చూస్తాడు. నోట్సులో రోజుకు రెండు పేజీలు ఖాళీ వదిలి ఆరోజు పాఠం మొదలుపెడతాడు. ఆదివారం పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా అందరికీ తలుపు తెరిచి ఉంటుంది. మానినవాళ్ళు ఆ ఖాళీ పేజీలతో వస్తారు, అర్థం కానివాళ్ళు వాళ్ళ లెక్కలతో వస్తారు. నేను బోర్డు మీద చెప్పను, పక్కన కూర్చుని ఒక్క లెక్క చేయిస్తాను, మిగతా మూడు వాళ్ళు నా ముందే చేయాలి. ఈ గంటన్నర 190లో లెక్కకు రాదు. ఫీజు ఎందుకు తగ్గించరని అడిగినప్పుడు నేను చూపించేది ఇదే.

ఖాళీ పేజీలు రెండు వారాలు దాటి ఖాళీగానే ఉంటే ఇంటికి ఫోన్ చేస్తాను. ఫీజు ఫోన్ కంటే ముందు ఆ ఫోన్ చేయాలి. పొదలకూరు అన్న బాధ న్యాయమైనది. పెద్ద జబ్బుకు నా దగ్గర వేరే పద్ధతి ఉంది. వరసగా పన్నెండు క్లాసులు పోతే ఆ నెల సగమే తీసుకుంటాను. ఆ సగం సీటు పట్టి ఉంచినందుకు. పెళ్ళిళ్ళకు, ఊళ్ళకు ఇది వర్తించదు.

డబ్బు తారీఖు సంగతి: తోటలు, రొయ్యల గుంటలు ఉన్నవాళ్ళ దగ్గర నేను మూడు నెలలకు ఒకసారి తీసుకుంటాను. ముందు మాట్లాడుకుంటే ఇబ్బంది లేదు.

పొదలకూరు నిమ్మతోట (సోమవారం, ఉదయం 9:10)

సగం కూడా ఎందుకు సార్? పిల్లోడు మంచంలో ఉంటే సీటు ఎక్కడికి పోతుంది? ఆ 24 రోజులకు ఇంకొకరిని చేర్చుకునేవాళ్ళా?

కావలి లెక్కల మాష్టారు (సోమవారం, ఉదయం 11:30)

చేర్చుకునేవాడిని కాదు. మీరు అడిగింది సబబే. కానీ చిన్న బ్యాచ్ నడిపేవాళ్ళకు ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒకేసారి పడకేస్తే, మొత్తం వదిలేస్తే అద్దె కట్టలేరు. నేను సగం దగ్గర ఆగాను. మా ఊళ్ళోనే ఇంకొక మేడమ్ అసలు తీసుకోరు.

కోవూరు హిందీ అక్కయ్య (సోమవారం, మధ్యాహ్నం 12:45)

నేనయితే తీసుకోను. ఆస్పత్రి చీటీ చూపించమని కూడా అడగను.

వేదాయపాళెం సంధ్య (బుధవారం, రాత్రి 10:15)

జూన్ దాకా ఆగకుండా జనవరి నుంచే మొదలుపెడుతున్నాను. క్యాలెండరు పెట్టుకుని లెక్కేశాను. సంక్రాంతి తీసేస్తే జనవరికి 18, శివరాత్రి తీసేస్తే ఫిబ్రవరికి 23, మార్చి సగానికి 12. మొత్తం 53. నా జ్వరాలకు మూడు వదిలి 50 అని మాట ఇస్తున్నాను. ఫీజు 800, 800, 400. మొత్తం 2000, క్లాసుకు 40. ఇది వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్:

"నమస్కారం. జనవరి 1 నుంచి మార్చి 15 వరకు 50 క్లాసులు జరుపుతాను. మొత్తం ఫీజు 2000, మూడు విడతలు. నేను సెలవు ఇస్తే ఆ క్లాసు తర్వాత చెప్తాను. 50 కంటే తక్కువ జరిగితే క్లాసుకు 40 చొప్పున తిరిగి ఇస్తాను. పిల్లలు మానిన రోజులకు ఫీజు తగ్గించడం ఉండదు. ఆ పాఠాలకు ఆదివారం ఉదయం 7 నుంచి 8:30 వరకు రావచ్చు. జబ్బు చేసి వరసగా 10 క్లాసులు పోతే ఆ విడత సగం. ఇప్పటివరకు తగ్గించినవి తగ్గించినట్టే."

పది ఇళ్ళలో ఏడు ఇళ్ళ వాళ్ళు సరేనన్నారు. ఒకరు ఇంకా చూడలేదు. ఒకమ్మ ఫోన్ చేసి "మా పాపకు ఆదివారం రావడానికి కుదరదు, ఇంట్లో పని ఉంటుంది, మరి మాకేం లాభం" అంది. జవాబు తోచలేదు, రేపు ఇంటికి పోయి మాట్లాడతాను. ఇంకొకరికి ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ కలిపి 3000 అంటున్నారు. మొదట్లో ఇద్దరున్న ఇంటికి తగ్గిస్తానని నేనే అని ఉన్నాను, ఎంత అని చెప్పలేదు.

కావలి లెక్కల మాష్టారు (గురువారం, ఉదయం 6:05)

ఇద్దరున్న ఇంటికి నేను రెండో పిల్లవాడి మీద నూటికి పది తగ్గిస్తాను. మీ లెక్కలో 3800 అవుతుంది. 3000కు ఒప్పుకుంటే ఒక పిల్లకు సగమే వచ్చినట్టు. వెళ్ళేటప్పుడు ఆ అంకె కాగితం మీద రాసుకుని పోండి, అక్కడ నోటితో లెక్క వేయొద్దు.

ఆదివారం రాలేని పాప సంగతి, ఆ అమ్మను శనివారం ఐదున్నరకు పంపగలదేమో అడగండి. బ్యాచ్‌కు అరగంట ముందు.

వేదాయపాళెం సంధ్య (గురువారం, రాత్రి 9:20)

పోయి వచ్చాను. శనివారం ఐదున్నరకు సరేనంది. 3800 దగ్గర వాళ్ళు ఇంకా ఆలోచిస్తున్నారు.